మొదటి ఉద్యోగం: చేతికి ఎంత వస్తుంది, మానేయాలంటే ఎంత కట్టాలి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న కౌలుకు మిర్చి వేస్తారు. 2025లో ఈసీఈ బీటెక్ పూర్తి చేశాను, బ్యాక్‌లాగ్స్ లేవు. క్యాంపస్‌లో ఒక పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీకి ఏడాదికి 3.5 లక్షలతో సెలెక్టయ్యాను. లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చారు కానీ ఎనిమిది నెలలైనా జాయినింగ్ డేట్ రాలేదు. ఈలోగా హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ 5.4 లక్షల ఆఫర్ ఇచ్చింది. మొదటి నాలుగు నెలలు ట్రైనింగ్, అప్పుడు నెలకు 12,000 ఇస్తారు. రెండేళ్ల బాండ్ ఉంది, మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వమంటున్నారు. పది రోజుల్లో చెప్పాలి. మా మేనమామ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీతో మాట్లాడారు. 1.5 లక్షలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి 8 లక్షల ఉద్యోగం ఇప్పిస్తారట. నాన్నేమో పెద్ద కంపెనీ కోసం ఆగమంటున్నారు. 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్‌కి జూలై నుంచి నెలకు 5,400 ఈఎంఐ మొదలవుతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది ఎంచుకోవాలి? రెండు కంపెనీల కాగితాలూ జత చేస్తున్నాను.

జవాబు: మీరు పంపిన రెండు కాగితాలూ పూర్తిగా చదివాను. ముందు జీతాల సంగతి చూద్దాం. మీ ఇంట్లో వాదనంతా మూడున్నర, ఐదు పాయింట్ నాలుగు, ఎనిమిది అనే అంకెల మీదే నడుస్తున్నట్టుంది. వాటిలో ఏదీ మీ బ్యాంకు ఖాతాలో పడే డబ్బు కాదు. అవి సీటీసీ లెక్కలు, అంటే మీ పేరు మీద కంపెనీ ఏడాదికి పెట్టే ఖర్చు మొత్తం. అందులో మీకు నెలనెలా వచ్చేది కొంత, ఎప్పుడో వచ్చేది కొంత, అసలు రాకపోయేది కూడా కొంత ఉంటుంది.

చిన్న కంపెనీ ఇచ్చిన కాగితంలో చివరి పేజీ తీయండి. 5,40,000లో 60,000 వేరియబుల్ పే. ఏడాది చివర అప్రైజల్ అయ్యాక, కంపెనీ లాభాలను బట్టి ఇస్తామని రాశారు. 48,000 రిటెన్షన్ బోనస్, రెండేళ్లు పూర్తయ్యాక. 10,300 హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం. 21,600 కంపెనీ వైపు నుంచి కట్టే పీఎఫ్. అది మీ డబ్బే, కానీ ఇప్పుడు ఖర్చుకు రాదు. 10,100 గ్రాట్యుటీ, సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,90,000, అంటే నెలకు 32,500. అందులోంచి మీ వంతు పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 30,500. ఈ జీతానికి కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను ఏమీ పడదు కాబట్టి అక్కడ కోత లేదు.

అయితే మొదటి నాలుగు నెలలు 12,000 చొప్పునే ఇస్తారు. నాలుగు పన్నెండులు 48,000, ఆ తర్వాత ఎనిమిది నెలలు 30,500 చొప్పున 2,44,000. మొదటి ఏడాది మొత్తం చేతికొచ్చేది 2,92,000.

ఇప్పుడు పెద్ద కంపెనీ కాగితానికి అదే లెక్క కట్టాను. 3,50,000లో వేరియబుల్, పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ పోగా 3,00,000, అంటే నెలకు 25,000. బేసిక్ 13,000 కాబట్టి మీ పీఎఫ్ 1,560, వృత్తి పన్ను 200. చేతికి 23,240. ఏడాదికి దాదాపు 2,79,000. చూశారా, సీటీసీలో 1,90,000 తేడా ఉన్న రెండు ఉద్యోగాలకు మొదటి ఏడాది చేతికొచ్చే డబ్బులో తేడా 13,000 మాత్రమే. రెండో ఏడాది నుంచి తేడా నెలకు ఏడు వేల పైచిలుకు ఉంటుంది. అది తక్కువేమీ కాదు, మీ ఈఎంఐ కంటే ఎక్కువే. కానీ ఆ రెండో ఏడాది దాకా ఏ షరతుల మీద వెళ్తున్నారో చూడకుండా ఆ ఏడు వేలను లెక్కలో వేసుకోకూడదు.

అందుకే మొదటి ఉద్యోగం విషయంలో జీతం తర్వాత నేను చూసేది, మానేయాలంటే ఏమవుతుంది అన్నది. ఫ్రెషర్‌కి ఇచ్చే పని ఎలా ఉంటుందో చేరకముందు పూర్తిగా తెలియడం కష్టం. జావా అని చెప్పి టెస్టింగ్‌లో వేయొచ్చు, ప్రాజెక్టే లేక బెంచ్ మీద కూర్చోబెట్టొచ్చు. పని బాగుంటే ఎవరూ మానేయరు. బాగాలేనప్పుడు ఎంత ఖర్చుతో, ఎన్నాళ్లలో బయటపడగలరు అన్నదే ఆ ఆఫర్‌లో ఎంత రిస్క్ ఉందో చెబుతుంది. దీనికి కాగితంలో చూడాల్సిన చోట్లు మూడు: బాండ్, మానేస్తానని చెప్పాక పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్, మానేశాక కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్.

చిన్న కంపెనీ బాండ్‌లో మీరు గమనించారో లేదో, ఆరో క్లాజులో ఒక వాక్యం ఉంది. ట్రైనింగ్ కాలాన్ని కంపెనీ తన విచక్షణ మేరకు పొడిగించవచ్చట. ఎనిమిదో క్లాజులో రెండేళ్ల లెక్క ట్రైనింగ్ పూర్తయిన తేదీ నుంచి మొదలవుతుందని రాశారు. రెండూ కలిపి చదివితే, బాండ్ రెండేళ్లు కాదు, కనీసం రెండేళ్ల నాలుగు నెలలు. ట్రైనింగ్ ఇంకో మూడు నెలలు సాగదీస్తే ఆ మూడు నెలలూ 12,000 మీదే ఉండాలి, బాండ్ కూడా ముందుకు జరుగుతుంది. మొదటి రోజు మానేసినా 2 లక్షలే, ఇరవై మూడో నెలలో మానేసినా 2 లక్షలే. బాండ్‌లో మిగతా వాటి కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసినవి ఈ రెండు క్లాజులే.

బాండ్‌లు కోర్టులో నిలబడవు, సంతకం పెట్టేయ్ అని మీ సీనియర్లు చెప్పి ఉండొచ్చు. అది సగం నిజం. మిమ్మల్ని బలవంతంగా పనిలో ఉంచమని ఏ కోర్టూ ఆదేశించదు. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో 2 లక్షలు అని రాసినంత మాత్రాన అంతా ఇప్పించాలని లేదు. ఆ మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. కానీ 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అక్కడ యజమాని ప్రభుత్వ రంగ బ్యాంకు. మళ్లీ నియామకం చేసుకోవాలంటే దానికయ్యే ఖర్చు, పాటించాల్సిన పద్ధతి కూడా కోర్టు పరిగణనలోకి తీసుకుంది. ప్రైవేటు కంపెనీ విషయంలో ప్రతిసారీ అలాగే అవుతుందని చెప్పలేం. అయినా బాండ్ అనేది ఉత్త కాగితం అనుకుని సంతకం పెట్టడం మాత్రం ఇప్పుడు మంచిది కాదు. కోర్టు దాకా వెళ్లకపోయినా లాయర్ నోటీసు మీ ఊరి చిరునామాకు వస్తుంది. అది అందుకున్న రోజు మీ నాన్నగారి పరిస్థితి ఏమిటో మీకే తెలుసు.

ఇక చెక్కు. బాండ్ కంటే ఇది ప్రమాదం. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇస్తే అంకె వాళ్లు రాసుకుంటారు. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేసే వీలుంది. ఆ సెక్షన్ కింద జైలు శిక్ష కూడా పడవచ్చు. స్టాప్ పేమెంట్ చెప్పేస్తే సరిపోతుందని కొందరంటారు. దానివల్ల ఆ సెక్షన్ నుంచి తప్పించుకున్నట్టు కాదు. మామూలుగా డబ్బు వివాదంగా ఉండాల్సింది క్రిమినల్ కేసుగా మారే దారి మీరే తెరిచి ఇచ్చినట్టవుతుంది. చెక్కు ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లూ అంతే. చేరిన రోజు తీసుకెళ్లి చూపించండి, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి, ఒరిజినల్స్ అదే రోజు వెనక్కి తెచ్చుకోండి. అవి కంపెనీ బీరువాలో ఉంటే రేపు పెద్ద కంపెనీ జాయినింగ్‌కి పిలిచినా, పీజీకి అప్లై చేయాలన్నా, ప్రభుత్వ ఉద్యోగానికి వెరిఫికేషన్ వచ్చినా వాళ్లను బతిమాలుకోవాలి.

అలాగని ఈ చిన్న కంపెనీ మోసమని నేను అనడం లేదు. హైదరాబాద్‌లో నిజాయితీగా పనిచేసే చిన్న కంపెనీలు కూడా ఫ్రెషర్లు నేర్చుకుని ఆరు నెలల్లో వెళ్లిపోతారన్న భయంతో ఇలాంటి షరతులు పెడుతుంటాయి. పని మాత్రం బాగుంటుంది. కాబట్టి కంపెనీ ఎలాంటిదో ఈ పది రోజుల్లో మీరే చూసుకోవచ్చు. mca.gov.in లో కంపెనీ పేరు వెతికితే ఎప్పుడు నమోదైందో, ఇప్పుడు నడుస్తోందో లేదో తెలుస్తుంది. అంతకన్నా పనికొచ్చేది పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్. అందులో Establishment Search అని ఉంటుంది. కంపెనీ పేరు కొట్టి, View Payment Details నొక్కితే ఏ నెలకు ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టారో, ఏ తేదీన కట్టారో కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో అరవై మంది ఉన్నామని చెప్పిన కంపెనీకి అక్కడ తొమ్మిది మందే కనిపిస్తే మిగతావాళ్లంతా స్టైపెండ్ మీద ఉన్నట్టో, లేనట్టో. ప్రతి నెలా కట్టాల్సినవి రెండు మూడు నెలలు ఆలస్యంగా కడుతుంటే జీతాలు కూడా అలాగే ఇస్తుండవచ్చు. ఉద్యోగుల సంఖ్య ఏడాదిగా నెమ్మదిగా పెరుగుతూ, కట్టిన తేదీలు పదిహేనో తారీఖులోపు ఉంటే మంచి గుర్తు. ఒక జాగ్రత్త: ఇరవై మంది కంటే తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు. పైగా కంపెనీ బోర్డు మీద పేరు ఒకటి, రిజిస్టరైన పేరు ఇంకొకటి ఉండొచ్చు. ఆఫర్ లెటర్ కింద ఉన్న అసలు పేరుతో వెతకండి.

తర్వాత హెచ్ఆర్‌కి ఫోన్ చేసి, ఏడాది క్రితం ఫ్రెషర్‌గా చేరిన ఒకరితో పది నిమిషాలు మాట్లాడించమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మాట్లాడించలేమన్నా అదీ ఒక సమాధానమే. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీలో చేసి మానేసినవాళ్లను వెతికి ఒకరిద్దరికి మెసేజ్ పెట్టండి. అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కాదు. మీ బ్యాచ్‌లో ట్రైనింగ్ ఎన్ని నెలలకు అయిపోయింది? పూర్తి జీతం ఏ నెల నుంచి పడింది? ఇప్పుడు ఏ ప్రాజెక్టు, మీరు రాసిన కోడ్ ఎవరు చూసి తప్పులు చెబుతారు? వేరియబుల్ నిజంగా వచ్చిందా? మానేసినవాళ్లకు రిలీవింగ్ లెటర్ ఇచ్చారా? ఈ ఐదింటికి వచ్చే జవాబులు కంపెనీ వెబ్‌సైట్ మొత్తం చదివినా తెలియవు.

జవాబులు బాగుంటే షరతులు మార్చమని ఈమెయిల్ రాయండి. ఫ్రెషర్‌కి బేరమాడే హక్కు ఉండదని చాలామంది అనుకుంటారు. జీతం విషయంలో అది చాలావరకు నిజమే, షరతుల విషయంలో కాదు. మీకు చేరాలని ఉందని మొదటి వాక్యంలోనే రాయండి. ఆ తర్వాత అడగాల్సినవి: సర్టిఫికెట్లు చూపిస్తాను, జిరాక్సులు ఇస్తాను, చెక్కు ఇవ్వలేను. ట్రైనింగ్ నాలుగు నెలలకు మించదని రాయండి. బాండ్ చేరిన తేదీ నుంచి లెక్కించండి. మానేస్తే కట్టాల్సిన మొత్తం పనిచేసిన నెలలను బట్టి తగ్గేలా రాయండి. ఉదాహరణకు 24 నెలలకు 2 లక్షలైతే, పన్నెండు నెలలు పనిచేశాక మానేస్తే లక్షే కట్టాలి. అన్నీ ఒప్పుకుంటారని చెప్పను. చెక్కు, ఒరిజినల్స్ వదిలేసి, బాండ్ తగ్గించడానికి సగం ఒప్పుకుంటే అది మాట వినే కంపెనీ అని అర్థం. ఫోన్‌లో సరేనంటే చాలదు, సవరించిన కాగితం రావాలి. ఇష్టమైతే చేరు లేకపోతే మానేయ్ అన్న ధోరణిలో సమాధానం వస్తే, చేరాక సెలవు అడిగినప్పుడూ అదే ధోరణి ఉంటుంది.

పెద్ద కంపెనీ విషయానికొస్తే, మీ దగ్గర ఉన్నది లెటర్ ఆఫ్ ఇంటెంట్. జాయినింగ్ తేదీ కంపెనీ వ్యాపార అవసరాలను బట్టి ఉంటుందని అందులోనే రాశారు. 2022 బ్యాచ్‌లో ఇలాంటి కాగితాలు పట్టుకుని ఏడాదిన్నర, రెండేళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. కొందరిని చివరికి మళ్లీ పరీక్ష పెట్టి వడపోశారు. మీ ఎనిమిది నెలలు ఆ లెక్కలో అసాధారణమేం కాదు, రాదని అనుకోవాల్సిన పనీ లేదు. కంపెనీకి ఈమెయిల్ రాసి, జాయినింగ్ ఏ త్రైమాసికంలో ఉండొచ్చో అడగండి. మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కూడా అడగండి, ఆయనకు మీ బ్యాచ్‌లో ఎవరెవరికి పిలుపు వచ్చిందో తెలుస్తుంది. మీతోపాటు సెలెక్టయినవాళ్లలో సగం మంది చేరిపోయి ఉంటే ఒక అర్థం, ఒక్కరినీ పిలవకపోతే ఇంకో అర్థం.

ఇక్కడ మీ నాన్నగారి మాటలో సారం ఉంది. పెద్ద కంపెనీలో ట్రైనింగ్ కాలం నుంచే పూర్తి జీతం, నెలాఖరుకు ఖచ్చితంగా డబ్బు, ఇన్సూరెన్స్, తర్వాతి ఉద్యోగానికి ఎవరూ ప్రశ్నించని పేరు. వాళ్ల సర్వీస్ అగ్రిమెంట్ ఏడాదే, మధ్యలో మానేస్తే 50,000, చెక్కూ గిక్కూ లేవు. ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. ట్రైనింగ్‌లో పరీక్షలుంటాయి, ఇచ్చిన అవకాశాల్లో పాసవకపోతే తీసేస్తారు. ఈసీఈ వాళ్లు ప్రోగ్రామింగ్ దగ్గర తడబడేది అక్కడే, కాబట్టి ఖాళీగా ఉన్న ఈ నెలల్లో జావా గానీ పైథాన్ గానీ ఒకటి, దానితోపాటు ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకోండి. రెండోది, ప్రాజెక్టు మీ చేతిలో ఉండదు. నాకు తెలిసిన ఒకబ్బాయికి ఇలాగే సపోర్ట్ ప్రాజెక్టు వచ్చింది. రాత్రి షిఫ్టుల్లో టికెట్లు చూసి పై టీముకు పంపడమే పని. అతను రోజూ చేత్తో తయారుచేసే రిపోర్టులను పైథాన్ స్క్రిప్టుతో తయారయ్యేలా చేసి మేనేజర్‌కి చూపించాడు. ఏడాది దాటాక అదే కంపెనీలో డెవలప్‌మెంట్ టీముకు మారాడు. అతనితో చేరిన ఇంకొకతను మూడేళ్లు అవే టికెట్లు చూశాడు. తర్వాత ఇంటర్వ్యూల్లో ఏం తయారుచేశావు అని అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోయింది. మూడోది నోటీస్ పీరియడ్. మీ కాగితంలో 90 రోజులని ఉంది. తర్వాత మిమ్మల్ని తీసుకోవాలనుకునే చాలా కంపెనీలు ముప్పై రోజుల్లో చేరేవాళ్లను అడుగుతాయి. ఇది అడ్డంకే, కానీ దాటగలిగేది.

మీ మామయ్య గారు మీ మేలు కోరే ఆ మాట చెప్పి ఉంటారు. అయినా ఆ దారి ఎక్కడ తెగిపోతుందో ఆయనకు వివరంగా చెప్పండి. ఉద్యోగి ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్ ఖాతాలన్నింటికీ కలిపి యూఏఎన్ అనే నంబరు ఒకటే ఉంటుంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో దాని సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చూసే మొదటి వాటిలో అదొకటి. తర్వాత జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. మీ విషయంలో అంతదాకా కూడా వెళ్లక్కర్లేదు. 2025లో బీటెక్ పాసైన మీకు రెండేళ్ల అనుభవం ఉందంటే, మీ మార్కుల మెమోలో ఉన్న సెమిస్టర్లకూ ఆ ఉద్యోగ తేదీలకూ పొంతన కుదరదు. దాన్ని కప్పడానికి కన్సల్టెన్సీ వాళ్లు ఇంకో కాగితం మారుస్తామంటారు. అక్కడి నుంచి అది ఫోర్జరీ. చాలాసార్లు వెరిఫికేషన్ చేరిన కొన్ని నెలలకు పూర్తవుతుంది. అప్పుడు తీసేస్తే రిలీవింగ్ లెటర్ రాదు, ఆ కొన్ని నెలలూ రెజ్యూమెలో రాయలేరు, యూఏఎన్‌లో మాత్రం ఆ ఎంట్రీ ఉండిపోతుంది. కట్టిన 1.5 లక్షలకు రసీదు ఉండదు. ఒకవేళ ఎవరూ పట్టుకోకపోయినా, రెండేళ్లు చేసినవాళ్లకు ఇచ్చే పని మీకిస్తారు. అది చేయలేక రాత్రిళ్లు బయటివాళ్లకు డబ్బిచ్చి చేయించుకునేవాళ్లున్నారు. అమీర్‌పేటలో ఫీజు కట్టి కోర్సు నేర్చుకోవడం వేరు, అది మంచిదే. ఉద్యోగానికి డబ్బు కట్టడం వేరు. నాకు సలహా ఇవ్వాల్సి వస్తే ఈ ఒక్కదాన్ని మాత్రం పూర్తిగా పక్కన పెట్టమనే చెబుతాను. ఆ 1.5 లక్షలు అప్పుగా తేవాల్సినవే అయి ఉంటాయి కూడా.

ఇప్పుడు మీ ముందు మిగిలేవి ఇవి. చిన్న కంపెనీ షరతులు మార్చి, మీరు మాట్లాడినవాళ్ల జవాబులు కూడా బాగుంటే, చేరడం సబబైన దారి. కోడ్ రాసే పని త్వరగా చేతికొస్తుంది, ఏడాదిన్నర తర్వాత ఇది నేను తయారుచేశాను అని చెప్పుకోగలిగేది ఉంటుంది. దీని ఖర్చేమిటంటే, మొదటి నాలుగు నెలలు 12,000తో హైదరాబాద్‌లో నెట్టుకురావాలి. షేరింగ్ హాస్టల్ భోజనంతో ఏడెనిమిది వేలు, రానుపోను, ఫోన్ కలిపి మిగతాది అయిపోతుంది. జూలైలో మొదలయ్యే ఈఎంఐల్లో మొదటి రెండు మూడు ఇంటి నుంచి రావాలి. మీ నాన్నగారితో ఈ లెక్క ముందే కూర్చుని వేసుకోండి. మధ్యలో పెద్ద కంపెనీ పిలిస్తే, తగ్గుతూ వచ్చే బాండ్ ఉంటే ఎంత కట్టి వెళ్లొచ్చో అప్పుడు లెక్క చూసుకునే వీలుంటుంది. ఇప్పుడున్న బాండ్‌తో అయితే 2 లక్షలు కట్టి 23,240 జీతానికి వెళ్లాలి, అంటే ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. చెప్పకుండా మానేసి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి, పీఎఫ్ ఎంట్రీ ఉండి రిలీవింగ్ లెటర్ లేకపోతే కొత్త చోట అడుగుతారు.

వాళ్లు చెక్కు మీదే పట్టుబడితే ఆ ఆఫర్ వదిలేయడంలో తప్పు లేదు. అప్పుడు ఊరికే ఎదురుచూడటం కాకుండా జూలై దాకా గడువు పెట్టుకుని ఆఫ్-క్యాంపస్ ప్రయత్నాలు చేయండి. 2025 పాసౌట్ అన్న షరతుతో వచ్చే డ్రైవ్‌లు ఏడాది తిరిగేసరికి తగ్గిపోతాయి, కాబట్టి ఈ నెలలు విలువైనవి. ఈసీఈ చదివారు కాబట్టి ఇంకో దారీ ఉంది. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ ఎన్ఏటీఎస్‌లో నమోదు చేసుకుంటే హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ లాంటివి ప్రకటించే ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ ఖాళీలకు అప్లై చేసుకోవచ్చు. స్టైపెండ్ హాస్టల్‌కే సరిపోతుంది, తర్వాత ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు. ఎలక్ట్రానిక్స్ వైపే ఉండాలని మీకు నిజంగా కోరిక ఉంటేనే అది చూడండి. మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా రాయలేదు, అందుకే అడుగుతున్నాను: సాఫ్ట్‌వేర్ మీకు ఇష్టమై వెళ్తున్నారా, అందరూ వెళ్తున్నారనా? చిప్ డిజైన్, ఎంబెడెడ్ వైపు మనసుంటే, సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్ల బాండ్ మీకు ఇంకా ఖరీదైనది, ఎందుకంటే ఫ్రెషర్‌గా ఆ వైపు వెళ్లే వయసు ఆ బాండ్‌లోనే గడిచిపోతుంది.

నా మొగ్గు ఎటో దాచను. మూడు సవరణలు, అంటే చెక్కు వద్దు, ఒరిజినల్స్ వద్దు, నెలనెలా తగ్గే బాండ్, ఇవి కాగితం మీదకొస్తే చిన్న కంపెనీలో చేరమంటాను. రాకపోతే వద్దంటాను, ఎదురుగా ఇంకో ఆఫర్ లేకపోయినా సరే.

పది రోజుల గడువులో మొదటి రెండు రోజులు ఈపీఎఫ్‌ఓ, లింక్డ్‌ఇన్ వెతుకులాటకు పెట్టుకోండి, మూడో రోజు ఈమెయిల్ వెళ్లిపోవాలి, అప్పుడే వాళ్లకు ఆలోచించుకుని కాగితం సవరించే సమయం ఉంటుంది. అదే వారంలో లోన్ ఇచ్చిన బ్యాంకు బ్రాంచికి వెళ్లి, ఉద్యోగం ఆలస్యమైతే ఈఎంఐ మొదలయ్యే తేదీని కొన్ని నెలలు వాయిదా వేయడానికి వీలుందా అని రాతపూర్వకంగా అడగండి. ఒక్క కిస్తీ కూడా తప్పకముందు అడిగితే బ్యాంకు వినే తీరు వేరుగా ఉంటుంది. పెద్ద కంపెనీ లెటర్ కాపీ ఒకటి దరఖాస్తుకు జత చేయండి.